శుక్రవారం సాయంత్రం అయిదు లోపు

మిల్లు ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళ రెండు నెలలు పనిచేశాను. అందులో పందొమ్మిదేళ్ళు డిస్పాచ్ సెక్షన్‌లోనే. బయటికి వెళ్ళే ప్రతి ఉత్తరమూ నా బల్ల మీదుగా వెళ్ళేది. తేదీ, వారం, నంబరు, అంకెల్లో మొత్తం, అక్షరాల్లో మొత్తం, అడ్రసు: ఈ ఆరూ చూడకుండా ఒక్క కవరు కూడా అంటించలేదు. రిటైరయ్యాక ఆ అలవాటుకి పని లేకుండా పోయింది. పాలవాడి చీటీలో, పెళ్ళి శుభలేఖల్లో తప్పులు పట్టుకుంటూ ఇంట్లోవాళ్ళని విసిగించాను.

మా తమ్ముడి కొడుకు రొయ్యల వ్యాపారం పెట్టాక నన్ను తీసుకెళ్ళి బరంపురం లంజిపల్లిలోని తన ఆఫీసులో కూర్చోబెట్టాడు. ఒక ఇంటి కింది భాగమే ఆ ఆఫీసు. సరుకు శుభ్రం చేసి, గడ్డకట్టించి, పెట్టెల్లో పెట్టే యూనిట్ ఛత్రపూర్ వైపు ఉంది. ఉత్తరాలు, మెయిళ్ళు, మనుషుల్ని తీసుకోవడం మాత్రం లంజిపల్లిలోనే. వారానికి అయిదు రోజులు, పది నుంచి రెండు దాకా వెళతాను. నా పని ఒకటే. బయటికి పోయే ప్రతిదీ ముందు నేను చదవాలి.

"అత్తా, నీకు జీతం ఎంతివ్వమంటావు?" అని మొదటిరోజు అడిగాడు మేనల్లుడు.

"ముందు తప్పులెన్ని దొరుకుతాయో చూడు. తరవాత మాట్లాడదాం" అన్నాను.

నెల తిరిగేసరికి నలభై ఒకటి దొరికాయి. ఆ చిట్టా ఇప్పటికీ నా దగ్గరుంది.

ఉద్యోగాలకి ఎంపికైనవాళ్ళకి మెయిల్ రాసేది ఆఫీసులో ఉన్న హెచ్.ఆర్. అమ్మాయి. ఇరవై ఆరేళ్ళది. బరంపురంలోనే పుట్టి పెరిగింది. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, కంప్యూటర్ ముందు ఇంగ్లీషు. నన్ను మామ్మా అంటుంది. పని చురుగ్గా చేస్తుంది గానీ కేలండర్ చూడకుండా తేదీ రాస్తుంది. కిందటేడు జూన్ రెండో తేదీ సోమవారం ఉదయం ఆమె తయారు చేసిన ఆఫర్ మెయిల్‌లో చేరాల్సిన రోజు "సోమవారం, జూన్ 15" అని ఉంది.

"పదిహేను ఆదివారమే" అన్నాను.

"ఓ మా! మార్చేస్తాను మామ్మా, పదహారు. ఇంకేటైనా ఉందా? సబు ఠిక్ అఛి?"

అంతా సరిగ్గా ఉందా అని అడుగుతోంది. మళ్ళీ మొదటినుంచి చదివాను. మెయిల్ ఇంగ్లీషులో ఉంది. దాని సారం ఇది. మీరు మా యూనిట్‌లో క్వాలిటీ కంట్రోల్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఎంపికయ్యారు. మొత్తం జీతం నెలకి 18,500 రూపాయలు. అందులో బేసిక్ 12,000. చట్టప్రకారం కోతలుంటాయి. ఆరు నెలలు ప్రొబేషన్. జూన్ 16 సోమవారం ఉదయం తొమ్మిదింటికి యూనిట్‌లో రిపోర్టు చేయాలి. తేవలసిన కాగితాలు ఇవీ. జూన్ 6 శుక్రవారం సాయంత్రం 5 గంటల లోపు ఈ మెయిల్‌కి జవాబుగా మీ అంగీకారం రాసి పంపాలి. ఆలోపు జవాబు రాకపోతే ఈ ఆఫర్ చెల్లదు.

చివరి వాక్యం నాది. అంతకుముందు ఏడాది ఇద్దరు కుర్రవాళ్ళు ఫోన్‌లో సరే సరే అన్నారు. చేరాల్సిన రోజు ఒక్కడూ రాలేదు. సరుకు పరీక్ష చేసే మనిషి లేక లారీ గేటు దగ్గర మూడు గంటలు ఆగింది. ఐస్ కరిగింది. అప్పటినుంచి మాట చాలదని, రాతలో జవాబు రావాలని, దానికో గడువు ఉండాలని నేనే పట్టుబట్టాను. ఆ వాక్యం చూసినప్పుడల్లా నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

మెయిల్ పదకొండూ అయిదుకి వెళ్ళింది. నా పుస్తకంలో రాసుకున్నాను.

ఆ ఉద్యోగానికి ఎంపికైంది సోనేపూర్ అమ్మాయి. సముద్రంలో ఏట, అంటే చేపల వేట, చేసే ఇల్లు. చేపల చదువు చదివి డిగ్రీ తెచ్చుకుంది. ఇంటర్వ్యూ పదింటికైతే తొమ్మిదీ పదికే వచ్చి మెట్ల మీద కూర్చుంది. గదిలో ఒక మూల నేనూ ఉన్నాను. యూనిట్ నుంచి వచ్చిన పెద్దాయన, రొయ్య తాజాదో కాదో ఎలా తెలుసుకుంటావని అడిగాడు.

"ఐసులో నాలుగు డిగ్రీలకి లోపు ఉందా అని థర్మామీటరు పెడతానండి" అంది. ఒక్క క్షణం ఆగి, "దానికంటే ముందు తలకాయ దగ్గిర పట్టుకు సూస్తాను. తల ఒదులైపోతే ఆ పెట్టె మీద అనుమానం పడాలండి. తరవాత నల్ల మచ్చలు, వాసన" అంది.

నా పుస్తకంలో ఆ పిల్ల పేరు పక్కన చిన్న టిక్కు పెట్టాను. మిగతా ఎనిమిది మందికీ పెట్టలేదు.

రెండో స్థానంలో బరంపురం కుర్రవాడొకడున్నాడు. అతనికి వేరే చోట ఉద్యోగం వచ్చింది. వాళ్ళకి శనివారం ఉదయం చెప్పాలట. అందుకని, శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఏ సంగతీ చెబుతామని మేము అతనికి మాటిచ్చాం. అంటే ఆ అయిదు గంటల గడువు అటూ ఇటూ జరపడానికి వీలు లేనిది.

మంగళవారం జవాబు రాలేదు. బుధవారం రాలేదు. గురువారం హెచ్.ఆర్. అమ్మాయి అప్లికేషన్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి స్విచాఫ్.

శుక్రవారం పన్నెండున్నరకి మేనల్లుడు గదిలోంచి వచ్చాడు. "ఇంకేటి సూస్తాం? ఆ కుర్రోడికి ఫోన్ చేసీండి. ఆ పిల్లకి ఇష్టం లేదు. లేకపోతే నాలుగు రోజులు ఊరుకుంటాదా?"

"అయిదవలేదు" అన్నాను.

"పన్నెండున్నర్కీ అయిదుకీ మధ్య ఏటి మారిపోద్ది అత్తా?"

"ఏదీ మారకపోతే అయిదింటికి ఫోన్ చేద్దాం. మెయిల్లో మధ్యాహ్నం అని రాయలేదు, సాయంత్రం అని రాశాం."

"నువ్వు రాసిన వాక్యం నీకే గుచ్చుకుంది, సూసుకున్నావా?" అని నవ్వుతూ లోపలికి పోయాడు.

నిజమే, గుచ్చుకుంది. మెట్ల మీద యాభై నిమిషాల ముందే వచ్చి కూర్చున్న మనిషి గడువు దాటనిస్తుందంటే నా మనసు ఒప్పుకోలేదు. ఆ పిల్ల అప్లికేషన్ తీయించాను. పుట్టినతేదీ, మార్కులు, సంతకం అన్నీ సరిగ్గా ఉన్నాయి. అప్పుడు మెయిల్ అడ్రసు చూశాను. అందులో ఆ పిల్ల పేరు లేదు. జెరాక్స్ అని, ఆన్‌లైన్ అని, వెనకాల నాలుగంకెలు ఉన్నాయి.

"ఇది ఈ పిల్ల మెయిలేనా?" అని అడిగాను.

హెచ్.ఆర్. అమ్మాయి వంగి చూసి నాలిక కరుచుకుంది. "కొట్టుది మామ్మా. ఫారాలు నింపే జెరాక్సు కొట్టు. ఊళ్ళల్లో వాళ్ళ ఐడీయే పెట్టేస్తారు. ఫోన్ నంబరూ కొట్టువాడిదే అయ్యుంటాది."

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. తేదీ చూశాను, వారం చూశాను, మొత్తాలు చూశాను. ఆరింట్లో ఆరోది, అడ్రసు, చూడలేదు. మెయిల్‌కి కవరు ఉండదు కదా, కళ్ళు అటు పోలేదు.

అందరిలోకీ నేను అసలు మరిచిపోకూడని సంగతి అది. మా నాన్న రైల్వే పనికి శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరు వచ్చిన కొత్తలో మేము ఒక ఇంటి వెనక గదిలో ఉండేవాళ్ళం. పోస్టుమాన్ అంత లోపలికి వచ్చేవాడు కాదు. మా ఉత్తరాలన్నీ వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్టు కేరాఫ్ మీద వచ్చేవి. నాకు మిల్లు ఉద్యోగం ఉత్తరం కూడా అలాగే వచ్చింది. వారం లోపు చేరాలని అందులో ఉంది. కొట్టాయన దాన్ని బెల్లం దిమ్మ కింద పెట్టి మరిచిపోయాడు. అయిదు రోజుల తరవాత పెసరపప్పుకి వెళితే, బెల్లం అంటిన కవరు తీసి, "నీదేనే పిల్లా" అని ఇచ్చాడు. ఏడోరోజు ఉదయం చేరాను. ఆ పెసరపప్పు అవసరం ఎనిమిదోరోజు పడి ఉంటే నా బతుకు ఎలా ఉండేదో తెలియదు.

ఒంటిగంటా పదికి ఆటో మాట్లాడుకున్నాను. మెయిల్ ప్రింటు తీయించి సంచీలో పెట్టుకున్నాను.

"ఆఫర్ లెటరు పట్టుకుని కేండిడేటు ఇంటికెళ్ళే కంపెనీ ఇండియాలో మనదొక్కటే" అన్నాడు మేనల్లుడు. "అంత కష్టమెందుకు? గడువు సోమవారానికి పొడిగించీ."

"ఆ కుర్రవాడికి ఏం చెబుతావు?"

గోడ గడియారం వైపు చూశాడు.

"తప్పు మనది. అడ్రసు ఎవరిదో అడక్కుండా పంపాం. అయిదు లోపు ఆ పిల్లకి చేరితే చేరినట్టు. అయిదూ ఒక నిమిషానికి నేనే ఫోన్ చేసి ఆ కుర్రవాడికి చెప్పమంటాను."

"నీ వాచీ ఆలీసమైతేనో?"

"ఆ మాట మీ నాన్న కూడా అన్నాడు ఒకసారి, రైలు తప్పిపోయిన రోజు" అన్నాను.

ఎండ మండిపోతోంది. సోనేపూర్ మొదట్లోకి చేరేసరికి రెండూ ఇరవై. కొట్టు వెతకక్కరలేదు. మెయిల్ అడ్రసులో ఉన్న మాటలే బోర్డు మీద ఉన్నాయి. షట్టరు దించి, తాళం. పక్కన సోడాల బండి ఆయన చెప్పాడు. "చెల్లి పెళ్ళమ్మా, ఇచ్ఛాపురంలో. సోమారం పొద్దున్న ఎల్లినాడు, ఆదోరం దాకా రాడు. ఊళ్ళో ఫారాలన్నీ ఆగిపోనాయి."

మేము మెయిల్ పంపింది సోమవారం పదకొండూ అయిదుకి.

చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టే ఏట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డున బోర్లా పడి ఉన్నాయి. ఆ పిల్ల ఇల్లు చూపించమంటే ముగ్గురు మూడు వైపులా చెప్పి, చివరికి ముగ్గురూ నాతోనే నడిచారు. అరుగు నీడలో ఆ పిల్లా, వాళ్ళమ్మా కూర్చుని వల బాగుచేస్తున్నారు. నన్ను చూసి ఆ పిల్ల చేతిలో సూది పట్టుకునే లేచి నిలబడింది.

"ఇంటర్వ్యూలో మూల కూకున్న మామ్మ ఈవిడేనమ్మా" అంది తల్లితో.

"రండమ్మా, కూకోండి. ఏటి పని మీదొచ్చినారు ఈ ఎండలోన?" అంది తల్లి.

"సోమవారం మీ అమ్మాయికి మెయిల్ పంపాం. జవాబు లేదు" అన్నాను.

ఆ పిల్ల నా మొహం చూసింది. "నాకు రానేదు మామ్మా. నానింక అవనేదనుకున్నాను. అవకపోతే మెయిల్ రాదని కొట్టు అన్న అన్నాడు."

"ఆ అన్న పెళ్ళికెళ్ళాడు. నీ ఉద్యోగం అతని కంప్యూటర్లో ఉంది. నువ్వు ఎంపికయ్యావు. ఈ సాయంత్రం అయిదు లోపు నీ జవాబు రావాలి. రాకపోతే రెండో మనిషికి పోతుంది."

తల్లి రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. కూతురు ముందు నా వాచీ వైపు చూసింది. రెండూ నలభై.

"పదో తరగతి కాణ్ణుంచి అన్నిటికీ అన్న ఐడీయే మామ్మా. స్కాలర్షిప్పుకీ, కాలేజీకీ, అన్నిటికీ. ఓటీపీలన్నీ ఆడికే వొస్తాయి. ఎప్పుడూ ఇలగ అవనేదు."

"నీ ఫోన్‌లో నీ సొంత మెయిల్ లేదా?"

"ఉంది. ఫోన్ కొన్నప్పుడు తమ్ముడు తెరిసినాడు. దానికెవులూ ఏటీ పంపరు."

నా ఫోన్‌లో హెచ్.ఆర్. అమ్మాయిని పిలిచాను. ఎంపికైన మనిషి మెయిల్‌ని ఎవరో చెప్పిన అడ్రసుకి పంపడానికి వీల్లేదు. ఆ పిల్లే తన సొంత మెయిల్ నుంచి, నేను ఫలానా, అప్లికేషన్‌లో ఇచ్చిన ఐడీ కొట్టుది, ఇకమీదట ఈ ఐడీకి పంపండి అని రాయాలి. ఆధార్ కార్డు ఫోటో జతచేయాలి. అది అప్లికేషన్‌తో సరిపోలితే అసలు ఆఫర్ కొత్త అడ్రసుకి వెళుతుంది. ఇదీ హెచ్.ఆర్. అమ్మాయి చెప్పిన పద్ధతి. ఆమె అంత గట్టిగా చెప్పినందుకు నాకు సంతోషమే వేసింది.

కానీ అరుగు మీద సిగ్నల్ ఒక గీత. ఫోటో సగం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"తుఫాను బిల్డింగు మీదకెక్కితే వస్తాది" అంది ఆ పిల్ల.

తుఫాను వచ్చినప్పుడు ఊరంతా తలదాచుకునే బిల్డింగు అది. మేడ మీదికి ఇరవై ఆరు మెట్లు. నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. పదమూడో మెట్టు దగ్గర ఆగాను.

"మీరిక్కడే కూకోండి మామ్మా, నాను పంపి వొస్తాను" అంది.

"సగం ఎక్కేశాను. దిగినా పదమూడే" అన్నాను.

వెనక వస్తున్న తల్లి నవ్వాపుకోలేకపోయింది. "ఈవిడ లెక్కల మనిషి లాగున్నాదే" అంది కూతురితో.

పైన గాలి బాగుంది. సిగ్నల్ నాలుగు గీతలు. మూడూ ఇరవై రెండుకి ఆ పిల్ల మెయిల్ వెళ్ళింది. మూడూ ముప్ఫై ఒకటికి ఆఫర్ వచ్చింది. అందులోనూ గడువు అదే, శుక్రవారం అయిదు. హెచ్.ఆర్. అమ్మాయి ఒక్క అక్షరం మార్చలేదు.

సరే అని రాసి పంపుతుంది, మూడూ నలభైకల్లా దిగిపోతాం అనుకున్నాను. ఆ పిల్ల గోడకి ఆనుకుని కూర్చుని మెయిల్ చదవడం మొదలుపెట్టింది. చదివింది. మళ్ళీ పైకి జరిపి మొదటినుంచి చదివింది. నా సంచీలోని ప్రింటు ఇచ్చాను. దాని వెనక పెన్నుతో ఏదో వేసుకోవడం మొదలుపెట్టింది. నాలుగయింది.

"సరేనని రాసీయే తల్లీ! అమ్మ అంత దూరం నుంచి వొచ్చింది" అంది తల్లి.

"సదవకుండా ఎలగ సంతకం పెడతానే అమ్మా?"

మిల్లులో చేరిన మొదటి వారంలో మా సూపరింటెండెంటుతో నేను అన్న మాట అది. ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

"మామ్మా, జీతం పద్దెనిమిది వేల అయిదొందలు అన్నారు. చేతికొచ్చేది ఎంత?"

"నువ్వెంత వేశావు?"

కాగితం నా వైపు తిప్పింది. పీ.ఎఫ్. బేసిక్ మీద పన్నెండు శాతం, 1,440. ఈ.ఎస్.ఐ. 139. చేతికి 16,921. ఈ.ఎస్.ఐ. ముక్కాలు శాతం లెక్కేస్తే 138 రూపాయల 75 పైసలు వస్తుంది. దాన్ని పై రూపాయికి తేవాలి. ఆ సంగతి కూడా వదిలిపెట్టలేదు.

"కాలేజీలో చెప్పారా ఇవన్నీ?"

"మా మావయ్య సెన్నై హార్బర్లో పనిసేస్తాడు. ఆయన జీతం కాగితం నానే సదివి పెడతాను."

"ఇంకో నూట ఇరవై అయిదు తీసెయ్. ప్రొఫెషనల్ టాక్సు. పదహారు వేల ఏడు వందల తొంభై ఆరు."

రాసుకుంది. తరవాత మెయిల్లో ఏదో వెతికింది. "ఇదెక్కడుంది మామ్మా ఇందులో?"

"చట్టప్రకారం కోతలుంటాయి అని ఉంది కదా."

"అదుంది. ఎంతని నేదు." చాలా నెమ్మదిగా అంది. "నాను మావయ్య కాగితం సదివినాను కాబట్టి అడిగినాను. సదవనోళ్ళు పద్దెనిమిదిన్నర వొస్తాదనుకుని అప్పు సేసీగలరు. రాసీ ఉండాల్సింది."

నలభై ఒక్క తప్పుల చిట్టా ఉన్నదాన్ని. అది నలభై రెండోది. అది నేను రాయించిన మెయిల్లోనే ఉంది. కోపం రావాలి నిజానికి. రాలేదు. పొంగిపోయాను. నా సొంత మనవరాలైనా అంత పొంగిపోయి ఉండేదాన్ని కాదేమో.

"నిజమే. ఉండాల్సింది" అన్నాను.

నాలుగూ ఇరవై.

అప్పుడు తల్లి అసలు సంగతి బయటపెట్టింది. "పదహారంటే సోమారమే గదా? పద్నాలుగో తారీకుతో నిషేధం అయిపోద్ది. పదిహేనున మీ నాన్న పడవెక్కుతాడు. పదహారు పొద్దున్న మొదటి ఏట సరుకు ఒడ్డుకొచ్చీటప్పుడు ఇంటి ఆడపిల్ల ఎదురుండాలి. నువ్వు పుట్టినకాణ్ణుంచి నువ్వే ఎదురున్నావు. ఇంకో రెండ్రోజులు ఆగి సేరతానని రాయకూడదా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను సాయం చేయలేదు. ఆ తేదీ ఎందుకు పెట్టారో నాకు తెలుసు. నిషేధం ఎత్తేశాక సముద్రపు సరుకు మొదటిసారి యూనిట్ గేటు దగ్గరికి వచ్చే రోజు అదే. పరీక్ష చేసే మనిషి ఆ రోజు ఉండి తీరాలి. అది నేను చెప్పాలా, ఆ పిల్లే తెలుసుకోవాలా అని చూస్తున్నాను.

చాలాసేపు సముద్రం వైపు చూసింది. నాకు చాలాసేపు అనిపించింది. వాచీ ప్రకారం నాలుగు నిమిషాలు.

"మొదటి సరుకు ఒడ్డు దాటి ఎక్కడికెళ్తాదమ్మా? ఇలగ లారీలెక్కి కంపెనీలకే గదా? నాను గేటు కాడ ఎదురుంటాను. నాన్న రొయ్య నా సెయ్యి మీద నుంచే లోపలికెళ్తాది."

తల్లి కొంగుతో మొహం తుడుచుకుని, "తల ఒదులైతే మీ నాన్న సరుకైనా తిప్పి పంపీగలదు ఇది" అంది నాతో. అందులో ఫిర్యాదు ఎంతుందో, గర్వం ఎంతుందో నేను తూచలేకపోయాను. ఎక్కువ భాగం గర్వమే.

ఆ పిల్ల జవాబు టైపు చేసింది. పంపేముందు నాకు చూపించింది. ఉద్యోగం పేరు, జీతం, చేరే తేదీ మూడూ మళ్ళీ రాసి, వీటికి అంగీకరిస్తున్నాను, జూన్ 16 ఉదయం తొమ్మిదింటికి యూనిట్‌లో ఉంటాను అని రాసింది. కింద ఇంకో వాక్యం. కోతల తరవాత చేతికి వచ్చే జీతం 16,796 రూపాయలని నేను అర్థం చేసుకున్నాను, తప్పైతే తెలియజేయగలరు.

"ఈ ఆఖరి మాట ఉంచనా, తీసీనా?"

"ఉంచు" అన్నాను.

నాలుగూ నలభై నాలుగుకి పంపింది. నాలుగూ నలభై ఆరుకి హెచ్.ఆర్. అమ్మాయి ఫోన్ చేసింది. "వొచ్చింది మామ్మా, వొచ్చింది! సార్ గారు గడియారం ముందే నిలబడి ఉన్నారు." వెనకనుంచి మేనల్లుడి గొంతు వినిపించింది. "పద్నాలుగు నిమిషాలు మిగిలిందని సెప్పు అత్తకి!" మెట్లు దిగుతున్నప్పుడు లెక్కపెట్టలేదు. అలా లెక్కపెట్టకుండా మెట్లు దిగడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

సరిగ్గా అయిదింటికి బరంపురం కుర్రవాడికి ఫోన్ చేయించాను. మాటిచ్చాం కాబట్టి. పోస్టు నిండిందని చెబితే, టైముకి చెప్పినందుకు థాంక్సండీ అన్నాడట. మర్నాడు ఉదయం ఆ రెండో కంపెనీకి సరేనన్నాడని తరవాత తెలిసింది.

జూన్ పదహారున ఆ పిల్ల ఎనిమిదీ ముప్ఫై అయిదుకి యూనిట్ గేటు దగ్గర ఉంది. మొదటి లారీలో పందొమ్మిది పెట్టెలు దిగితే మూడు పక్కన పెట్టించింది. ఆ మూడూ వాళ్ళ నాన్నవి కావని ఫోన్‌లో నాతో రెండుసార్లు చెప్పింది. జూన్ జీతం సగం నెలది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను. జూలై పూర్తి నెల. బ్యాంకులో పడింది 16,796.

ఇప్పుడు మా ఆఫర్ మెయిల్‌లో జీతం కింద ఇంకో వరుస ఉంటుంది. కోతలన్నీ విడివిడిగా, చేతికి వచ్చేది విడిగా. అప్లికేషన్ ఫారంలో కూడా ఒక ప్రశ్న పెరిగింది. ఈ మెయిల్ మీ సొంతమా, మీ ఫోన్‌లో మీరే తెరవగలరా? లేదని రాసినవాళ్ళకి హెచ్.ఆర్. అమ్మాయే కూర్చోబెట్టి తెరిపిస్తుంది. ఇంతవరకు పదకొండు మందికి తెరిపించింది.

కిందటి నెల పని మీద సోనేపూర్ వైపు వెళ్ళాను. జెరాక్సు కొట్టు తెరిచి ఉంది. కౌంటరు మీద, అద్దం వెనకాల, మా ఆఫర్ మెయిల్ రంగు ప్రింటు తీసి, లామినేషన్ చేసి పెట్టాడు. సోమవారం పదకొండూ అయిదుకి వెళ్ళిన మొదటి మెయిల్. పైన ఒడియాలోనూ తెలుగులోనూ పెద్దక్షరాలతో, ఇక్కడ ఫారం నింపినవారికి ఉద్యోగం అని.

"నా మెయిల్‌కే వొచ్చిందమ్మా ఈ ఉద్యోగం" అన్నాడు నా ఎదట నిలబడి. నేనెవరో అతనికి తెలియదు.

"చూశాను. జీతం అందరికీ కనబడేలా పెట్టకూడదు బాబూ. ఆ వరుస మీద కాగితం ముక్క అంటించు" అన్నాను.

వెంటనే అంటించాడు. మంచివాడే. మిగతా వరుసలు మళ్ళీ ఒకసారి చదివాను. ఉద్యోగం పేరు, చేరే తేదీ, వారం, గడువు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.